మూత ఉన్న సీసా ఎందుకు పడింది? కెమెరాకీ పుషర్‌కీ మధ్య 900 మిల్లీమీటర్ల కథ

రిజెక్ట్ డబ్బాలో 11 సీసాలున్నాయి. కెమెరా తెర మీద ఫెయిల్ లెక్క 11. లైన్‌ని నడిపే కంట్రోలర్ పీఎల్‌సీలో, చెడ్డ సీసాని పక్కకి తోసే పుషర్ కొట్టిన లెక్క కూడా 11. మూడు లెక్కలూ కలిశాయి కాబట్టి తప్పెక్కడా లేదని షిఫ్ట్ ఇన్‌ఛార్జి వాదన. కానీ ఆ 11 సీసాల్లో తొమ్మిదింటికి మూతలు శుభ్రంగా బిగించే ఉన్నాయి. నిజంగా మూత లేని తొమ్మిదీ ముందుకు వెళ్ళిపోయి, ప్యాకింగ్ బల్ల దగ్గర నీళ్ళు ఒలికించుకుంటూ దొరికాయి.

ఇది విశాఖలో, గాజువాక వైపు ఒక చిన్న నీళ్ళ సీసాల యూనిట్‌లో నేను చూసిన సంగతి. పేరుతో మనకి పనిలేదు. "కెమెరా కరెక్టుగానే పట్టింది గురూ, కొట్టడంలోనే ఉంది తేడా" అని కెమెరా పెట్టినాయన అన్నాడు. "నువ్వు ఫెయిల్ అన్నప్పుడే కదా నేను కొట్టాను" అని ప్యానెల్ చేసినాయన అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. అందుకే ఆ గొడవ రెండు రోజులు తెగలేదు.

పరవాడ మందుల కంపెనీల్లోనైనా, ఆటోనగర్‌లో చిన్న ప్యాకింగ్ లైన్ల మీదైనా ఈ ఏర్పాటు ఇప్పుడు మామూలైంది. కెమెరా చూస్తుంది, పీఎల్‌సీ గుర్తు పెట్టుకుంటుంది, కొంత దూరం వెళ్ళాక పుషర్ తోసేస్తుంది. చెప్పడానికి ఒక్క వాక్యం. ఆ "గుర్తు పెట్టుకుంటుంది" అన్న చోటే చిక్కంతా ఉంది.

## లైన్ మీద ఏది ఎక్కడుంది

మన ఉదాహరణకి కొలతలు పెట్టుకుందాం. లీటరు సీసా, వ్యాసం 75 మిల్లీమీటర్లు. సీసా నుంచి సీసాకి 150 మిల్లీమీటర్లు, అంటే మధ్యలో 75 ఖాళీ. బెల్టు వేగం నిమిషానికి 30 మీటర్లు. సెకనుకి 500 మిల్లీమీటర్లు కాబట్టి ప్రతి 300 మిల్లీసెకన్లకి ఒక సీసా, నిమిషానికి 200.

కెమెరా పక్కనే ఒక ఫోటో సెన్సర్ ఉంటుంది. సీసా ముందు అంచు ఆ కిరణాన్ని తెంచగానే కెమెరాకి "ఇప్పుడు తియ్యి" అన్న సంకేతం వెళ్తుంది. దాన్నే ట్రిగ్గర్ అంటారు. ఆ క్షణం నుంచి సీసా నడిబొడ్డు సరిగ్గా పుషర్ ఎదురుగా వచ్చేసరికి బెల్టు 900 మిల్లీమీటర్లు కదలాలి. ఈ 900లో సీసా సగం వ్యాసం కూడా కలిసి ఉంది. సెన్సర్ చూసేది ముందు అంచుని, పుషర్ కొట్టాల్సింది మధ్యలో. లీటరు సీసా తీసేసి అర లీటరు సీసా ఎక్కించిన రోజున ఈ అంకె మారుతుందని చాలామంది మర్చిపోతారు.

900ని 150తో భాగిస్తే ఆరు. అంటే ఏ క్షణంలో చూసినా కెమెరా దాటి, పుషర్ చేరని సీసాలు ఆరు వరకు ఉంటాయి. పీఎల్‌సీ వీటన్నిటి గురించీ విడివిడిగా గుర్తుంచుకోవాలి. ఒక్క "ఫెయిల్" బిట్ పెట్టుకుని నెట్టుకురావడం కుదరదు.

## సెకన్లతో లెక్కిస్తే రెండు సీసాలు తేడా

మొదటిసారి చేసేవాళ్ళకి తట్టే ఉపాయం టైమర్. సెకనుకి 500 చొప్పున 900 మిల్లీమీటర్లకి 1.8 సెకన్లు. ఫెయిల్ వచ్చిందా, 1.8 సెకన్ల టైమర్ పెట్టు, అయిపోగానే కొట్టు. బెల్టు వేగం మారనంతకాలం ఇది చక్కగా పనిచేస్తుంది.

ఇప్పుడు ముందున్న ప్యాకింగ్ మెషీన్ నెమ్మదించిందని ఆపరేటర్ డ్రైవ్ వేగాన్ని 20 మీటర్లకి దించాడు. అదే 1.8 సెకన్లలో సీసా 600 మిల్లీమీటర్లే వెళ్తుంది. ఇంకా 300 వెనకే ఉంది, అంటే సరిగ్గా రెండు సీసాల దూరం. పుషర్ గురి తప్పలేదు, చక్కగా మధ్యలోనే కొట్టింది, కాకపోతే రెండు సీసాల ముందున్న పాపం ఎరగని సీసాని. బెల్టు పూర్తిగా ఆగితే ఇంకా అన్యాయం. బెల్టు ఆగినా టైమర్ ఆగదు, అది పూర్తయ్యేసరికి పుషర్ ఎదురుగా ఏది నిలబడి ఉంటే అదే పడుతుంది.

గాజువాకలో బస్సెక్కినవాడికి "ఇరవై నిమిషాలయ్యాక దిగిపో, ఎన్‌ఏడీ జంక్షన్ వస్తుంది" అని చెప్పడం లాంటిదిది. ట్రాఫిక్ లేని రోజు దిగుతాడు. మిగతా రోజుల్లో ఎక్కడ దిగుతాడో ఆ దేవుడికే తెలియాలి. కిలోమీటర్లు చూసుకుంటూ వెళ్ళినవాడికి బస్సు ఎంతసేపు ఆగినా ఇబ్బంది లేదు.

## ఎన్‌కోడర్ చెప్పేది దూరం

బెల్టుకి ఆనుకుని ఒక చక్రం తిరుగుతుంది. దాని ఇరుసుకి ఎన్‌కోడర్ బిగిస్తారు. చక్రం చుట్టుకొలత 200 మిల్లీమీటర్లు, ఎన్‌కోడర్ ఒక చుట్టుకి 1000 పల్సులు ఇస్తుందనుకుందాం. ఏ, బీ అని రెండు తీగలుంటాయి. రెండింటి ఎక్కడాలూ దిగడాలూ అన్నీ లెక్కపెడితే చుట్టుకి 4000 కౌంట్లు, అంటే ఒక్కో కౌంటు 0.05 మిల్లీమీటర్. మన 900 మిల్లీమీటర్లు 18,000 కౌంట్లు అయ్యాయి. ఇక బెల్టు పరిగెత్తినా, పాకినా, టీ బ్రేక్‌కి ఆగినా 18,000 అలాగే ఉంటుంది.

పూర్తి వేగంలో ఇవి సెకనుకి 10,000 కౌంట్లు. పీఎల్‌సీ మామూలు ఇన్‌పుట్ దీన్ని పట్టలేదు. ఉదాహరణకి సీమెన్స్ ఎస్7-1200 పీఎల్‌సీలో డిజిటల్ ఇన్‌పుట్ ఫిల్టర్ ఫ్యాక్టరీ నుంచి 6.4 మిల్లీసెకన్లకి పెట్టి వస్తుంది. అంతకన్నా చిన్న పల్సుని అది అసలు గమనించదు. అందుకే హైస్పీడ్ కౌంటర్ అన్న ప్రత్యేక ఇన్‌పుట్ వాడి, ఆ తీగల ఫిల్టర్‌ని కూడా తగ్గించాలి. ఫిల్టర్ మార్చడం మర్చిపోతే ఒక వింత లక్షణం కనిపిస్తుంది. నెమ్మదిగా తిప్పితే లెక్క సరిగ్గా వస్తుంది, వేగం పెంచేకొద్దీ కౌంట్లు తప్పిపోయి ఒక దశలో లెక్కే ఆగిపోతుంది.

రెండు తీగలు ఎందుకు, ఒకటి చాలదా అని ఖర్చు తగ్గించుకునేవాళ్ళు అడుగుతారు. బెల్టు ఆగినప్పుడు కొద్దిగా వెనక్కి జారుతుంది. కొన్నిసార్లు ఒకే చోట వణుకుతుంది. రెండు తీగలుంటే దిశ తెలుస్తుంది, ముందుకి ఒకటి వెనక్కి ఒకటి కొట్టేసుకుని లెక్క అక్కడే ఉంటుంది. ఒక్క తీగే ఉంటే ప్రతి వణుకూ ముందుకు కదిలినట్టే చేరుతుంది. నిలబడి ఉన్న బెల్టు మీద సీసాలు కాగితం మీద మాత్రం ప్రయాణం చేసేస్తాయి.

## తీర్పు వచ్చేలోగా సీసా ఆగదు

ఆ యూనిట్‌లో ఎన్‌కోడర్ ఉంది. 18,000 కూడా సరిగ్గానే పెట్టారు. మరి తొమ్మిది మంచి సీసాలు ఎందుకు పడ్డాయి?

కెమెరా ఫోటో తీయడం క్షణంలో పని. 200 మైక్రోసెకన్ల ఎక్స్‌పోజర్‌లో సీసా 0.1 మిల్లీమీటరే కదులుతుంది. కానీ ఆ ఫోటోని చూసి మూత ఉందా లేదా తేల్చడానికి ఆ కెమెరాకి 80 మిల్లీసెకన్లు పడుతోంది. ప్రోగ్రాం రాసినాయన దీన్ని గమనించి, ట్రిగ్గర్ ఇచ్చిన 100 మిల్లీసెకన్లకి కెమెరా తీగ మీద పాసో ఫెయిలో చదివి, ఆ సీసా ఖాతాలో రాసుకునేలా చేశాడు. 80 కన్నా 100 ఎక్కువే కదా. మొదలుపెట్టిన రోజున మూతలు తీసిన సీసాలు పంపి పరీక్షించారు, అన్నీ సరిగ్గా పడ్డాయి.

కొన్ని వారాల తర్వాత నాణ్యత విభాగం వాళ్ళు ఫెయిలైన ఫోటోలన్నీ కంప్యూటర్‌లో దాచమన్నారు. కెమెరా సెట్టింగ్‌లో ఒక టిక్కు పెట్టారు, అంతే. అప్పటినుంచి పాస్ సీసాకి మునుపటిలా 80 మిల్లీసెకన్లే. ఫెయిల్ సీసాకి మాత్రం ఫోటోని నెట్‌వర్క్ మీద పంపించి ఆ తర్వాత తీర్పు చెప్పడంతో 340 పట్టేది. అంటే చెడ్డ సీసాల విషయంలోనే ఆలస్యం.

ఇప్పుడు ఒక్కో క్షణం నడిపి చూద్దాం. సున్నా దగ్గర మూత లేని సీసాకి ట్రిగ్గర్ వెళ్ళింది. 100 దగ్గర పీఎల్‌సీ తీగ చూసింది. అక్కడ ఇంకా అంతకుముందు సీసా తాలూకు "పాస్" అలాగే నిలిచి ఉంది. పాస్ అని రాసుకుంది. 300 దగ్గర తర్వాతి మంచి సీసాకి ట్రిగ్గర్ వెళ్ళింది. 340 దగ్గర మొదటి సీసాకి ఫెయిల్ తీర్పు వచ్చింది. రెండో సీసా పని కెమెరా అప్పుడే మొదలుపెట్టింది కాబట్టి దాని పాస్ 420కి గానీ రాదు. కానీ పీఎల్‌సీ రెండో సీసా కోసం 400 దగ్గరే చూసేసింది. అక్కడ "ఫెయిల్" ఉంది. మంచి సీసా ఖాతాలో ఫెయిల్ పడింది.

ఒక ఫెయిల్‌కి ఒక దెబ్బ, అందుకే లెక్కలన్నీ కలిశాయి. వరుసగా రెండు మూతలేని సీసాలు వచ్చిన రెండు సందర్భాల్లో మాత్రం రెండోది మొదటిదాని పాపం మోసి పడింది. డబ్బాలో మూత లేని సీసాలు రెండు కనబడ్డాయంటే అవి అలా దొరికినవే.

కౌంటర్లు పోల్చి చూస్తే ఈ రకం తప్పు ఎప్పటికీ దొరకదు. పడ్డ సీసాని చేత్తో పట్టుకుని చూడాలి. దాని పక్క సీసాని కూడా చూడాలి.

## ప్రతి సీసాకీ ఒక చీటీ

దీనికి అందరూ వాడే పరిష్కారం వరుస. ట్రిగ్గర్ పడ్డప్పుడే పీఎల్‌సీ ఒక చీటీ రాసి వరుస చివర పెడుతుంది. చీటీ మీద మూడు సంగతులు: ట్రిగ్గర్ క్షణాన ఎన్‌కోడర్ కౌంటు ఎంత, ఆ ట్రిగ్గర్ నంబరు ఎంత, సీసా మంచిదా కాదా. తీర్పు వచ్చినప్పుడు దాన్ని ఆఖరి చీటీ మీద కాకుండా, నంబరు కలిసిన చీటీ మీద రాస్తారు. కౌంటు మాత్రం తీర్పు వచ్చినప్పటిది కాదు, ట్రిగ్గర్ నాటిదే. ఈ రెండు మాటలూ పాటిస్తే తీర్పు 80కి వచ్చినా 340కి వచ్చినా తేడా ఉండదు.

```
IF trigEdge THEN
  Q[wr].pos  := latchedPos;
  Q[wr].id   := trigId;
  Q[wr].ok   := FALSE;
  Q[wr].used := TRUE;
  wr := (wr + 1) MOD 16;
END_IF;

IF newResult THEN
  FOR i := 0 TO 15 DO
    IF Q[i].used AND Q[i].id = resId THEN
      Q[i].ok := resPass;
    END_IF;
  END_FOR;
END_IF;
```

దారిలో ఉండేవి ఆరు సీసాలే అయినా 16 గళ్ళు పెట్టాం. అప్పుడప్పుడు సీసాలు దగ్గరదగ్గరగా వస్తే ఇరుకు పడకుండా ఉండటానికి.

చీటీ పుట్టగానే `ok` లో `FALSE` రాశామని గమనించండి. ఏ తీర్పూ రాకపోతే ఆ సీసా చెడ్డదే. కెమెరా కేబుల్ ఊడిపోయినా, కెమెరా ఒక ట్రిగ్గర్ మిస్సయినా మూత లేని సీసా ముందుకెళ్ళదు. దీనికి వ్యతిరేకంగా ఆలోచించేవాళ్ళూ ఉన్నారు. కెమెరా పది సెకన్లు పలకకపోతే ముప్పైకి పైగా మంచి సీసాలు డబ్బాలో పడతాయి, డబ్బా నిండి లైన్ ఇరుక్కుంటుంది, అంతకన్నా లైన్ ఆపెయ్యడం మేలు అంటారు. అందులో నిజం ఉంది. చాలాచోట్ల రెండూ కలిపి వాడతారు. తీర్పు రాని సీసా పడిపోతుంది, వరుసగా మూడుకో నాలుగుకో తీర్పు రాకపోతే లైన్ ఆగుతుంది. మందుల లైన్ మీద మొదటి నియమాన్ని వదులుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు. "ఫెయిల్ వస్తేనే కొడతా, ఏమీ రాకపోతే వదిలేస్తా" అన్న పద్ధతికి మాత్రం నాకు తెలిసి సమర్థన లేదు. తీగ తెగిన రోజున అన్ని సీసాలూ మంచివైపోతాయి.

నంబరు ఎక్కడినుంచి వస్తుందన్నది తర్వాతి ప్రశ్న. కెమెరా, పీఎల్‌సీ నెట్‌వర్క్ మీద మాట్లాడుకుంటే చాలా కెమెరాలు ఫోటో తీసినప్పుడు ఒక నంబరు, తీర్పుతో పాటు అదే నంబరు పంపిస్తాయి. పీఎల్‌సీ తనంతట తాను వేరే లెక్క పెట్టుకోకుండా కెమెరా ఒప్పుకున్న నంబరునే చీటీ మీద రాయాలి. కెమెరా ఒక్క ట్రిగ్గర్ వదిలేస్తే చాలు, విడివిడి లెక్కలు ఒకటి తేడాతో ఎప్పటికీ కలవవు. నాలుగు తీగలతో నడిచే పాత ఏర్పాటుకి నంబరు ఉండదు. అక్కడ "తీర్పు సిద్ధం" అన్న తీగ మీద కొత్త పల్సు వస్తేనే పాస్, ఫెయిల్ చదవాలి. తర్వాతి ట్రిగ్గర్‌లోగా తీర్పు రాకపోతే ఆ సీసాని చెడ్డదిగానే ఉంచెయ్యాలి. ఆలస్యంగా వచ్చిన ఆ తీర్పుని పక్క సీసాకి అంటగట్టకుండా పారెయ్యాలి కూడా. ఆ యూనిట్‌లో "సిద్ధం" తీగ ఉంది. ప్యానెల్ వరకు లాగి, ఎక్కడా కలపకుండా చుట్టి పెట్టేశారు.

## లెక్క నిండిపోయే రోజు

సీసా పుషర్ చేరిందా అని చూడటానికి రెండు దారులు. చేరాల్సిన కౌంటుని ముందే కూడి పెట్టుకుని `pos >= target` అని అడగొచ్చు. లేదా `pos - Q[rd].pos >= 18000` అని తేడా అడగొచ్చు. ఇక్కడ `pos` ఇప్పటి కౌంటు, `Q[rd]` వరుసలో ముందున్న చీటీ. రెండూ ఒకటేలా కనిపిస్తాయి. కానీ గుర్తులున్న 32 బిట్ల కౌంటరు 2,147,483,647 వరకే వెళ్తుంది. సెకనుకి 10,000 చొప్పున ఆపకుండా నడిస్తే దాదాపు 60 గంటలు. ఆ తర్వాత పెద్ద రుణ సంఖ్యకి దూకుతుంది. మొదటి దారిలో ఆ సరిహద్దు దగ్గర `target` రుణ సంఖ్యైపోయి, సీసా చేరకముందే షరతు నిజమైపోతుంది. తేడా అడిగే పద్ధతిలో తీసివేత కూడా అలాగే చుట్టు తిరుగుతుంది కాబట్టి జవాబు సరిగ్గానే వస్తుంది. అయితే లెక్క పొంగితే ఫాల్ట్ చూపే పీఎల్‌సీలూ ఉన్నాయి, మీ మోడల్ ఏం చేస్తుందో ముందే చూసుకోవాలి. ఆపకుండా నడిచే లైన్ మీద మొదట రెండున్నర రోజులకి, ఆ తర్వాత దాదాపు ఐదు రోజులకోసారి ఒకటో రెండో సీసాలు వింతగా పడుతున్నాయంటే నేను మొదట చూసేది ఇక్కడే.

## అన్నీ దూరాలు కావు

ఎన్‌కోడర్ పెట్టాక చాలామంది ఇక సమయంతో పనిలేదనుకుంటారు. చివరి అడుగులో సమయం మళ్ళీ వస్తుంది. పీఎల్‌సీ అవుట్‌పుట్ పడగానే పుషర్ సీసాని తాకదు. వాల్వ్ తెరుచుకోవాలి, గాలి నిండాలి, సిలిండర్ ముందుకు రావాలి. మన పుషర్‌కి ఇది 60 మిల్లీసెకన్లు అనుకుందాం. బెల్టు వేగం ఎంతైనా సిలిండర్ తీసుకునేది ఆ 60నే. దాన్ని కౌంట్లలో చెప్పాలంటే వేగంతో మారుతుంది.

30 మీటర్ల వేగంలో 60 మిల్లీసెకన్లకి సీసా 30 మిల్లీమీటర్లు ముందుకెళ్తుంది. సరిగ్గా 18,000 దగ్గర అవుట్‌పుట్ ఇస్తే పుషర్ సీసా నడుమ కాకుండా వెనక అంచున తగులుతుంది. సీసా పడకుండా గిర్రున తిరిగి బెల్టు మీదే ఉండిపోతుంది. ఆపరేటర్ అంకె తగ్గించి తగ్గించి 17,400 దగ్గర సరిపెడతాడు. 600 కౌంట్లు, 30 మిల్లీమీటర్లు ముందుగా. బాగానే పడుతుంది.

కానీ 10 మీటర్ల వేగంలో అదే 60 మిల్లీసెకన్లకి సీసా కదిలేది 10 మిల్లీమీటర్లే. పుషర్ 20 మిల్లీమీటర్లు ముందే తాకుతుంది. నడుమకి ఇటూ అటూ 15 దాటితే సీసా సాఫీగా పడదనుకుంటే, బెల్టు మొదలయ్యే ప్రతిసారీ, వేగం అందుకునేలోపు వచ్చిన చెడ్డ సీసాలు తప్పించుకోవడమో ఒరిగిపోవడమో జరుగుతుంది. "భోజనం తర్వాతే ఎక్కువ పడతాయండి" అని ఆపరేటర్లు చెప్పే మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

ముందుగా ఇవ్వాల్సిన దూరాన్ని ఎప్పటికప్పుడు వేగంతో గుణించి తెచ్చుకోవాలి.

```
fire := FALSE;
lead := speed * 0.060;
IF Q[rd].used AND (pos - Q[rd].pos >= 18000 - lead) THEN
  fire := NOT Q[rd].ok;
  Q[rd].used := FALSE;
  rd := (rd + 1) MOD 16;
END_IF;
```

`fire` ఒక్క క్షణం మెరిసే సంకేతం, దాంతో ఒక చిన్న టైమర్ మొదలై వాల్వ్‌ని తెరిచి పట్టుకుంటుంది. `speed` సెకనుకి ఎన్ని కౌంట్లో. 10,000 అయితే `lead` 600, దాదాపు 3,333 అయితే 200.

పీఎల్‌సీ తన ప్రోగ్రాంని మొదటినుంచి చివరిదాకా ఒకసారి నడపడాన్ని స్కాన్ అంటారు. అది కూడా ఇలాంటి సమయమే, కాకపోతే ప్రతిసారీ ఒకేలా ఉండదు. 10 మిల్లీసెకన్ల స్కాన్ అంటే పూర్తి వేగంలో 5 మిల్లీమీటర్లు. ట్రిగ్గర్ గమనించడంలో సున్నా నుంచి 5, కొట్టడంలో మరో సున్నా నుంచి 5. మనకున్న 15 మిల్లీమీటర్ల వెసులుబాటులో ఇదే పెద్ద వాటా తినేస్తుంది. ట్రిగ్గర్ క్షణాన కౌంటుని హార్డ్‌వేరే పట్టి ఉంచేలా లాచ్ వాడితే మొదటి 5 పోతుంది. కౌంటు చేరగానే స్కాన్ కోసం ఆగకుండా ఇంటరప్ట్‌తో అవుట్‌పుట్ ఇస్తే రెండో 5 పోతుంది. నెమ్మది లైన్ మీద ఈ ఖర్చు అక్కర్లేదు.

## తప్పు ఏ జాతిదో తేల్చే చిన్న పరీక్ష

గురి తప్పుతోందని తెలిసినప్పుడు సెట్టింగులు తడిమే ముందు నేను చేసేది ఒక్కటే. మూత తీసిన సీసా నెమ్మదిగా ఒకసారి, పూర్తి వేగంలో ఒకసారి పంపి, దెబ్బ ఎక్కడ తగిలిందో ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తాను. తేడా రెండింటిలోనూ ఒకే మిల్లీమీటర్లు ఉంటే తప్పు దూరంలో ఉంది. వేగంతో పాటు తేడా పెరిగితే తప్పు సమయంలో ఉంది.

దూరంలో తప్పుకి మంచి ఉదాహరణ అరిగిన చక్రం. 200 చుట్టుకొలత అంటే వ్యాసం సుమారు 63.7. రబ్బరు అరిగి వ్యాసం ఒక్క మిల్లీమీటరు తగ్గితే చుట్టుకొలత మూడు మిల్లీమీటర్లకి పైగా తగ్గుతుంది. చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది కాబట్టి 18,000 కౌంట్లు 900 దగ్గర కాక 886 దగ్గరే పూర్తవుతాయి. ఏ వేగంలోనైనా 14 మిల్లీమీటర్లు ముందే దెబ్బ. చక్రానికి జిగురో మట్టో అంటుకుని లావైతే దీనికి తిరగబడి, ఎప్పుడూ ఆలస్యం.

సమయంలో తప్పుకి ఉదాహరణ గాలి ఒత్తిడి పడిపోవడం. కంప్రెసర్ మీద ఇంకో మెషీన్ ఎక్కించాక సిలిండర్ 60కి బదులు 85 తీసుకుంటోందనుకోండి. పూర్తి వేగంలో 12 మిల్లీమీటర్లకి పైగా ఆలస్యం, 10 మీటర్ల వేగంలో నాలుగే. మన ఊరి సముద్రపు గాలికి వాల్వులు తుప్పు పట్టి బిగుసుకున్నా ఇదే లక్షణం. ఇలాంటప్పుడు 18,000 మార్చి సరిచేస్తే ఒక వేగంలో కుదిరి ఇంకో వేగంలో చెడుతుంది. ఆ అంకెని షిఫ్టుకొకరు మార్చుకుంటూ పోతారు.

తేడా సరిగ్గా 150 మిల్లీమీటర్లయితే, అంటే దెబ్బ నడిమధ్యనే తగిలి పక్క సీసా పడితే, అది గురి తప్పడం కాదు. చీటీ మారింది.

## బెల్టు కదిలింది, సీసా కదల్లేదు

ఈ మొత్తం పద్ధతికి ఒక హద్దు ఉంది. ఎన్‌కోడర్ కొలిచేది బెల్టుని. సీసా బెల్టుతో పాటు కదులుతుందని మనం నమ్ముతున్నాం. నీళ్ళతోనో సబ్బు నీళ్ళతోనో తడిసిన పలకల కన్వేయర్ మీద ముందు సీసాలు నిలిచిపోతే వెనకవి అక్కడే నిలబడి ఉంటాయి, కింద బెల్టు జారిపోతూ ఉంటుంది. ఎన్‌కోడర్ కౌంట్లు పెరుగుతాయి, చీటీలు పుషర్ చేరతాయి, సీసాలు మాత్రం చేరవు.

ప్రోగ్రాంతో దీన్ని పూర్తిగా దిద్దలేం. కెమెరాకీ పుషర్‌కీ మధ్య సీసాలు పోగుపడకుండా చూడటమే అసలు మందు. పుషర్ దాటాక ఒక సెన్సర్ పెట్టి, సీసాలు పోగవుతున్నాయని తెలియగానే ఈ ముక్క బెల్టుని ఆపెయ్యాలి. దూరం తగ్గించడమూ మంచిదే, కానీ అతిగా తగ్గించకూడదు. తీర్పుకి ఎంత ఆలస్యమైనా 340 మిల్లీసెకన్లు అనుకుంటే పూర్తి వేగంలో 170 మిల్లీమీటర్లు, పుషర్‌కి ముందుగా ఇచ్చే 30 కలిపి 200. అంతకన్నా దగ్గర పెడితే తీర్పు రాకముందే సీసా దాటిపోతుంది.

ఆ పైన పుషర్‌కి కాస్త ముందు రెండో ఫోటో సెన్సర్ పెడతారు. ట్రిగ్గర్ నుంచి అక్కడికి 840 మిల్లీమీటర్లు, అంటే 16,800 కౌంట్లు అనుకుంటే, సీసా అక్కడ కనిపించినప్పుడు 16,800కి ఇటూ అటూ 400 కౌంట్ల కిటికీలో ఏ చీటీ ఉందో పీఎల్‌సీ వెతుకుతుంది. దొరికితే అది ఆ సీసా చీటీ. కిటికీ దాటిపోయినా సీసా రాకపోతే ఎవరో చేత్తో తీసేశారని అర్థం, చీటీ చించెయ్యాలి. సీసా వచ్చింది గానీ చీటీ లేదంటే అది కెమెరా చూడని సీసా, దాన్ని కొట్టెయ్యాలి. కౌంట్లు చూడకుండా "వచ్చిన వరుసలో మొదటి చీటీ తీసుకో" అని మాత్రమే చేస్తే, ఆపరేటర్ ఒక్క సీసా చేత్తో తీసిన క్షణం నుంచి అన్ని చీటీలూ ఒకటి జరిగిపోతాయి.

ఈ సెన్సర్‌తో ఇంకో లాభం. ప్రతి సీసా అక్కడికి ఎన్ని కౌంట్లకి చేరిందో రాసి పెట్టుకుంటే, నెలల తరబడి ఆ సగటు 16,800 నుంచి మెల్లగా పైకి పాకుతుంటే చక్రం అరుగుతోందని ముందే తెలిసిపోతుంది. ఒకేసారి గెంతితే చక్రం స్ప్రింగు వదులైందనో, ఇరుసు కప్లింగ్ స్క్రూ జారిందనో అనుమానించాలి.

## ఈ పనంతా కెమెరాకే అప్పగిస్తే?

కొన్ని స్మార్ట్ కెమెరాలకి ఎన్‌కోడర్ తీగలు నేరుగా కలపొచ్చు. ట్రిగ్గర్ తర్వాత ఇన్ని కౌంట్లకి అవుట్‌పుట్ ఇవ్వమని అందులోనే పెట్టొచ్చు. తీర్పూ వరుసా ఒకే పెట్టెలో ఉంటాయి కాబట్టి చీటీ మారే గొడవే ఉండదు. ఒక కెమెరా, ఒక పుషర్ ఉన్న చిన్న లైన్‌కి ఇది నిజంగా చవకైన, నమ్మదగ్గ మార్గం. కానీ మూత కెమెరాతో పాటు లేబుల్ కెమెరా, బరువు చూసే మెషీన్ కూడా అదే పుషర్‌ని వాడుకోవాలంటే మూడు తీర్పులు ఒకే చీటీ మీద చేరాలి. రెండో సెన్సర్, లైన్ ఆపడం, పడ్డ సీసా నిజంగా పడిందో లేదో చూసుకోవడం కూడా కావాలంటే పీఎల్‌సీ దగ్గరికే రావాల్సి వస్తుంది. పీఎల్‌సీ మనుషులు పీఎల్‌సీ అనీ, కెమెరా మనుషులు కెమెరా అనీ అనడం ఎలాగూ ఉంటుంది.

ఆ నీళ్ళ యూనిట్‌లో అన్నీ మార్చలేదు. చుట్టి పెట్టిన "సిద్ధం" తీగ విప్పి కలిపారు. 100 మిల్లీసెకన్ల ఎదురుచూపు తీసేశారు. ఫోటో దాచే పనిని తీర్పు చెప్పిన తర్వాతకి మార్చారు. చీటీ పుట్టుకతోనే చెడ్డదైంది. మర్నాడు కెమెరా ఫెయిల్ లెక్క 14, పుషర్ లెక్క 14. షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఈసారి లెక్కలు చూడలేదు, నేరుగా డబ్బా దగ్గరికే వెళ్ళాడు. ఒక్కో సీసా పైకెత్తి మూత తిప్పి చూద్దామనుకున్నాడు గానీ, తిప్పడానికి ఒక్కదానికీ మూత లేదు.